‘ఈసీజీ నార్మల్’ అని రాస్తే సరిపోదు: మందులు రాసే వైద్యులకు, ఆసుపత్రి కమిటీలకు బహిరంగ లేఖ

మానసిక వైద్య నిపుణులకు, జనరల్ వార్డుల్లో రాత్రి డ్యూటీ చేసే వైద్యులకు, కేస్ షీట్ల బాధ్యత చూసే ఆసుపత్రి కమిటీలకు నమస్కారం.

నేను పదహారేళ్లుగా ఆసుపత్రి ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. కిందటేడాది ఒక రాత్రి, వేరే ఆసుపత్రి వార్డులో మా పిన్ని గుండె లయ తప్పింది. అదృష్టం కొద్దీ ఆమె బతికింది. అలా ఎందుకు జరిగిందో, ఇంకొకరికి జరగకుండా కేస్ షీట్‌లో ఏం మారాలో వివరిస్తూ ఆ ఆసుపత్రికి రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ఫోన్ వచ్చింది. “ఈసీజీ తీశామండీ, నార్మల్ అనే వచ్చింది, మా వైపు నుంచి లోపం లేదు” అన్నారు.

నా అభ్యంతరమంతా ఆ ‘నార్మల్’ అన్న మాట మీదే. అది ఒక్క ఆసుపత్రికి పరిమితమైన అలవాటు కాదని నా ఉద్యోగంలో రోజూ చూస్తున్నాను కాబట్టే ఇప్పుడు మీ అందరికీ రాస్తున్నాను.

ఆ రాత్రి జరిగింది

పిన్నికి 66 ఏళ్లు. బీపీకి క్లోర్‌తాలిడోన్ వేసుకుంటుంది. అది మూత్రం ద్వారా ఉప్పునీటిని బయటికి పంపే మాత్ర, దాంతోపాటు పొటాషియం కూడా పోతుంది. డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతుంటే, మూడు వారాల ముందు దాన్ని 20కి పెంచారు. 65 దాటినవారికి రోజుకు 10 మి.గ్రా. మించవద్దని యూరప్‌లో ఆ మందుకిచ్చిన అధికారిక సమాచారంలో ఉంది. మించకూడని పరిస్థితే లేదని నేను అనను, అవసరమై మించేవారూ ఉంటారు. కానీ ఎందుకు మించుతున్నారో చీటీలో ఒక్క ముక్క లేదు, పెంచే ముందు గానీ పెంచాక గానీ ఈసీజీ లేదు.

తరవాత రెండు రోజులు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో చేర్చాం. వాంతులు ఆగడానికి ఆండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. దగ్గు కూడా ఉందని అజిత్రోమైసిన్ మొదలుపెట్టారు. రాత్రి పదకొండింటికి ఆమెకు కలవరింతలు మొదలయ్యాయి, సెలైన్ పీకేసుకుంది, లేచి పోబోయింది. డ్యూటీ డాక్టర్ వచ్చి హాలోపెరిడాల్ 5 మి.గ్రా. నరానికి ఇచ్చారు. ఆ వయసువారికి మొదట అందులో పదోవంతుతో మొదలుపెట్టి చూడవచ్చు. పైగా ఆ మందును నరానికి ఇస్తే గుండెకు ముప్పు ఎక్కువని 2007లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

విడివిడిగా చూస్తే ఈ మందుల్లో ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ఎవరూ నిర్లక్ష్యంగా రాయలేదు. కానీ ఎస్సిటలోప్రామ్, ఆండాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్, హాలోపెరిడాల్ నాలుగూ గుండెలో ఒకే తలుపును మూస్తాయి. ప్రతి కొట్టుకోవడం తరవాత గుండె కండరం మళ్లీ సిద్ధం కావాలంటే కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి. అది పోయే ముఖ్యమైన దారుల్లో ఒకదాన్ని హెర్గ్ చానల్ అంటారు. ఈ మందులు దానికి అడ్డుపడితే కండరం తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే ఈసీజీ కాగితం మీద క్యూటీ వ్యవధి పొడవుగా కనిపిస్తుంది. రక్తంలో పొటాషియం తక్కువగా ఉంటే ఆ అడ్డు ఇంకా గట్టిపడుతుంది. పూర్తిగా తేరుకోని కండరం మీద అకాలంలో ఇంకో కొట్టుకోవడం వచ్చి పడితే గుండె గిరగిరా మెలితిరిగినట్టు వేగంగా కొట్టుకుంటుంది. దాన్నే టార్సాడ్స్ అంటారు. అది కొన్ని సెకన్లలో దానంతటదే ఆగితే మనిషి స్పృహ తప్పి లేస్తాడు. ఆగకపోతే ప్రాణం పోతుంది.

పిన్నికి అది ఇరవై సెకన్లలోపే ఆగింది. వెంటనే మానిటర్ పెట్టి, మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు నరానికి ఇచ్చి, పొటాషియం ఎక్కించారు. ఆ పని చేసిన నర్సుకూ డాక్టరుకూ మా కుటుంబం రుణపడి ఉంది.

కాగితం మీద ఏముంది

చేర్చుకున్న రోజు ఉదయం తీసిన ఈసీజీ నకలు అడిగి తెచ్చుకున్నాను. యంత్రం పైన అచ్చువేసింది: క్యూటీసీ 448, నార్మల్. క్యూటీసీ అంటే నాడి వేగాన్ని బట్టి దిద్దిన క్యూటీ, మిల్లీసెకన్లలో. కేస్ షీట్‌లో దాన్నే ఎక్కించారు: “ఈసీజీ నార్మల్.”

ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి గడులు లెక్కపెట్టాను. మామూలు వేగంతో తీసిన ఈసీజీలో ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. లెడ్ టూలో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 25 చిన్న గడులున్నాయి, అంటే సరిగ్గా ఒక సెకను, నిమిషానికి 60. క్యూ మొదలైన చోటు నుంచి టీ తరంగం ముగిసే చోటుకు 12 గడులు, అంటే 480. నాడి 60 ఉన్నప్పుడు దిద్దాల్సిన పని లేదు, కొలిచిందే క్యూటీసీ. ఆడవాళ్లలో 460 దాటితే ఎక్కువ అని సాధారణంగా లెక్క. పొటాషియం తగ్గినప్పుడు టీ తరంగం చదునుగా సాగిపోతుంది, అది ఎక్కడ ముగిసిందో యంత్రం పట్టుకోలేక ముందే కోసేసింది. టీ తరంగం దిగే వాలులో బాగా నిటారుగా ఉన్నచోట ఒక గీత గీసి, అది కింది అడ్డగీతను తాకినచోట ముగిసిందనుకోవాలి. పెన్సిలు, స్కేలు ఉంటే నిమిషం పట్టని పని.

అదే రోజు రక్తపరీక్షలో పొటాషియం 3.0. ఉండాల్సింది కనీసం 3.5. ఆ రిపోర్టు మధ్యాహ్నానికే ఫైల్లో చేరింది. మెగ్నీషియం అసలు అడగలేదు. రాత్రి హాలోపెరిడాల్ రాసిన డాక్టర్ ఫైలు తిప్పి ఉంటే ఈసీజీ గురించి ఆయనకు కనిపించేది ఆ ‘నార్మల్’ ఒక్కటే. ఆ మాట రాసి ఉండకపోతే బహుశా ఆయన ఇంకో ఈసీజీ అడిగేవారు.

లయ తప్పాక తీసిన ఈసీజీలో నాడి 50, క్యూటీ 580. దిద్దుబాటుకు రెండు సూత్రాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఆర్ఆర్ అంటే రెండు శిఖరాల మధ్య సెకన్లు:

```
Bazett:      QTc = QT / √RR
Fridericia:  QTc = QT / ∛RR
```

బజెట్ ప్రకారం 530, ఫ్రిడెరీషియా ప్రకారం 546. ఏ లెక్కన చూసినా 500 దాటింది, అంటే ప్రమాద హద్దు దాటింది.

తప్పు అటువైపు కూడా జరుగుతోంది

ఈ లేఖ చదివి ప్రతి మానసిక రోగి చేతా రోజూ ఈసీజీ తీయించడం మొదలుపెడితే నా ఉద్దేశం దెబ్బతిన్నట్టే. అందుకే ఇంకో సంగతి చెబుతాను. మా వార్డులోనే ఇరవై ఏడేళ్ల అబ్బాయి, స్కిజోఫ్రీనియాకు ఏ మందూ పనిచేయక చివరికి క్లోజపైన్‌తో కుదుటపడ్డాడు. ఆ మందు వేసుకునేవారిలో చాలామందికి నాడి వేగంగా ఉంటుంది. ఈసీజీలో నాడి 110, క్యూటీ 360. యంత్రం బజెట్ సూత్రంతో క్యూటీసీ 487 అని వేసి, కింద ‘క్యూటీ పొడవైంది’ అని హెచ్చరించింది. ఆ ఒక్క అంకె చూసి మందు ఆపేశారు.

నాడి వేగంగా ఉన్నప్పుడు బజెట్ సూత్రం ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు తగ్గించి చూపిస్తుంది, పిన్ని లెక్కలో మీరు చూశారు. అదే అబ్బాయికి ఫ్రిడెరీషియా ప్రకారం 441. మగవాళ్లకు 450 దాకా ఫరవాలేదు. అంటే ఆపాల్సిన అవసరమే లేదు. అయిదు రోజుల తరవాత ఈ సంగతి బయటపడింది. అప్పటికి గొంతులు వినిపించడం మళ్లీ మొదలైంది. క్లోజపైన్ 48 గంటలు దాటి మానేస్తే పాత మోతాదు నుంచి ఎత్తుకోవడానికి వీల్లేదు, 12.5 మి.గ్రా. నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. ఆ అబ్బాయి తల్లి మళ్లీ వారాల తరబడి ఉద్యోగం మానుకుని వార్డులో కూర్చుంది. మందు ఇవ్వడం ఎంత నిర్ణయమో ఆపడం అంతే నిర్ణయం. ఆపడానికి కారణం రాయాలని ఎవరైనా అడిగి ఉంటే, నాడి 110 అన్న మాట రాసేటప్పుడే ఆ డాక్టర్ ఆగి ఆలోచించేవారు.

ఈ రెండు సంగతుల నుంచి నేను అడుగుతున్నవి ఇవి.

1. ఈసీజీ ఎవరికి తీయాలో మందు రాసేటప్పుడే తేల్చండి.

గుండె జబ్బు లేని, వేరే మందులు వాడని పాతికేళ్ల మనిషికి సెర్ట్రలీన్ మొదలుపెట్టడానికి ఈసీజీ అక్కర్లేదు. అతణ్ని వరుసలో నిలబెడితే అవసరమున్నవాళ్లు వెనకబడతారు. హాలోపెరిడాల్, పిమోజైడ్, జిప్రాసిడోన్, మెథడోన్ లాంటివి మొదలుపెట్టే ముందు మాత్రం అందరికీ తీయాలి. మిగతా మందుల విషయంలో మనిషిని చూసి నిర్ణయించాలి. 65 దాటినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, నాడి మరీ నెమ్మదిగా ఉన్నవాళ్లు, ఎప్పుడైనా ఉన్నట్టుండి స్పృహ తప్పినవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారున్నవాళ్లు, మూత్రం మాత్రలు వాడేవాళ్లు, తిండి మానేసినవాళ్లు, వాంతులూ విరేచనాలూ అవుతున్నవాళ్లు. వీటిలో ఏదైనా ఉండి క్యూటీని పొడిగించే మందు రాస్తుంటే ఒక ఈసీజీ, దాంతోపాటు పొటాషియం, మెగ్నీషియం చూడాలి. ఆడవాళ్లలో ముప్పు ఎక్కువని కూడా గుర్తుంచుకోవాలి.

మళ్లీ ఎప్పుడు తీయాలన్నది తరచూ మరిచిపోయే సంగతి. మోతాదు పెంచిన మర్నాడు తీస్తే లాభం లేదు, మందు రక్తంలో నిలకడ స్థాయికి చేరాక తీయాలి. ఎస్సిటలోప్రామ్‌కు అది సుమారు వారం, పెద్దవయసువారిలో ఇంకొంచెం ఎక్కువ. క్యూటీ మీద పనిచేసే రెండో మందు చేరినప్పుడు, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు మళ్లీ తీయాలి. స్పృహ తప్పినా, గుండె దడదడలాడిందన్నా అదే రోజు తీయాలి. పిన్ని విషయంలో లయ తప్పేలోపే ఇలాంటి సందర్భాలు చాలా వచ్చాయి. చేర్చుకున్నప్పుడు తీసిన ఒక్కటి తప్ప మిగతావన్నీ తప్పిపోయాయి.

2. మానసిక వైద్యం చీటీని మిగతా చీటీల పక్కన పెట్టి చదవండి.

నా అనుభవంలో ప్రమాదం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. మానసిక వైద్యులు తమ మందులు చూసుకుంటారు. వాంతుల ఇంజెక్షన్ రాసే డాక్టర్ తన ముందున్న వాంతులనే చూసుకుంటారు. డాంపెరిడోన్, ఆండాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, ఫ్లుకోనజోల్ వీటిలో ఏదీ మానసిక మందు కాదు, కానీ అన్నీ క్యూటీని పొడిగించగలవు. రోగి వెంట తెచ్చిన మాత్రల సంచి విప్పి ఒక్కో అట్ట పేరు రాసుకోవడం నర్సుకో ఫార్మసిస్టుకో అప్పగించండి. మేం చేస్తాం. మేం రాసినదాన్ని మీరు చదవాలి, అంతే.

3. అంకె రాయండి, ఆ అంకె ఎలా వచ్చిందో రాయండి.

నాడి ఎంత, క్యూటీ ఎంత, ఏ సూత్రంతో దిద్దారు, యంత్రం చెప్పిందా మనిషి కొలిచారా. క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉంటే అది కూడా రాయండి, ఎందుకంటే అప్పుడు క్యూటీ పొడవులో కొంత దానివల్లే. పాత ఈసీజీ ఉంటే దానితో పోల్చండి. 420 నుంచి 485కి వచ్చిన మనిషికీ, ఎప్పుడూ 470 దగ్గరే ఉండే మనిషికీ చాలా తేడా ఉంది. 60 మిల్లీసెకన్లకు మించి పెరిగితే, 500 దాటకపోయినా ప్రమాద సూచనే.

4. మీ ఆలోచనను నాలుగు చిన్న పేరాల్లో రాయండి.

డాక్టర్లు నాతో అనే మాట ఒకటే: “టైమ్ ఎక్కడుందండీ?” అందుకే పిన్నికి ఆ రాత్రి హాలోపెరిడాల్ ఇచ్చే ముందు ఏం రాసి ఉండవచ్చో నేనే రాసి చూశాను. చేత్తో రాయడానికి మూడు నిమిషాలు పట్టింది.

> 66 ఏళ్ల స్త్రీ, కలవరింత, సెలైన్ పీకేస్తోంది. ఎస్సిటలోప్రామ్ 20, ఆండాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్ నడుస్తున్నాయి. పొటాషియం 3.0, మెగ్నీషియం తెలియదు, ఇప్పుడే పంపాను.
>
> ఉదయం ఈసీజీ చేత్తో కొలిచాను: నాడి 60, క్యూటీసీ 480 (యంత్రం 448). ముప్పు ఎక్కువ.
>
> హాలోపెరిడాల్ వద్దనుకున్నాను. ముందుగా వెలుతురు, కూతురు పక్కన ఉండటం, మూత్రం నిలిచిందేమో చూడటం. ఆండాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్ ఆపాను. ఎస్సిటలోప్రామ్ రేపటి మోతాదు ఆపి మానసిక వైద్యుల సలహా అడుగుతాను. పొటాషియం ఎక్కిస్తున్నాం, 4 దాటాలి.
>
> మానిటర్ పెట్టాం. ఈసీజీ ఉదయం 6కి మళ్లీ. 500 దాటినా, స్పృహ తప్పినా వెంటనే గుండె వైద్యుణ్ని పిలవాలి. కూతురికి చెప్పాను.

ఇందులో గొప్ప పాండిత్యం ఏమీ లేదు. ముప్పు ఏమిటి, ఏం కొలిచాం, ఏం ఎంచుకున్నాం, ఎందుకు, తరవాత ఎప్పుడు చూస్తాం. రెండో షిఫ్టులో వచ్చేవారికి ఈ కాగితమే దిక్కు.

ఒక్కోసారి ఈసీజీ తీయడం నిజంగా కుదరదు. కొడుతున్న, పరుగెడుతున్న మనిషి ఒంటి మీద పది తీగలు ఎవరూ అతికించలేరు. అప్పుడు మందు ఇవ్వడం తప్పు కాదు. “ప్రయత్నించాం, కుదరలేదు, గుండె జబ్బు చరిత్ర లేదని అన్న చెప్పాడు, అందుకని ఫలానా మందు తక్కువ మోతాదులో ఇచ్చాం, శాంతించగానే ఈసీజీ తీస్తాం” అని రాసి, శాంతించాక నిజంగా తీస్తే చాలు. ఆ చివరి మాట నెరవేరని కేస్ షీట్లు నా బల్ల మీదికి ఎన్నో వస్తాయి. రోగి నిద్రపోయాడు కదా అని వదిలేస్తారు, తీగలు అతికించడానికి వీలున్నది అప్పుడే అయినా.

5. క్యూటీసీ 450కి 500కి మధ్య ఉన్నప్పుడు భయపడకండి, పని చేయండి.

ముందుగా చేత్తో కొలిచి సరిచూడండి. పొటాషియం, మెగ్నీషియం సరిచేయండి. ఆపడానికి వీలున్న వేరే మందు ఉంటే అది ఆపండి, చాలాసార్లు వాంతుల మాత్రో యాంటీబయాటికో మారిస్తే సరిపోతుంది. మానసిక మందు మోతాదు తగ్గించగలరేమో, ముప్పు తక్కువున్న అరిపిప్రజోల్ లాంటిదానికి మార్చగలరేమో చూడండి. మళ్లీ ఈసీజీ తీయండి. 500 దాటితే మాత్రం మందు ఆపి, మానిటర్ పెట్టి, గుండె వైద్యులతో మాట్లాడాలి. అప్పుడు కూడా మానసిక వైద్యుల సలహా తీసుకోండి, ఎందుకంటే మందు ఆగిన చోట జబ్బు మిగిలే ఉంటుంది.

కమిటీలను నేను అడిగేవి మూడు

ఒకటి, కేస్ షీట్‌లో ఈసీజీ అని ఉన్నచోట నాడి, క్యూటీ, క్యూటీసీ, సూత్రం, కొలిచినవారి సంతకం అని అయిదు గళ్లు అచ్చువేయించండి. ‘నార్మల్’ అని రాసే చోటే ఉండకూడదు. రెండు, పొటాషియం 3.5 కంటే తక్కువ వస్తే, రోగి మానసిక మందులు వాడుతుంటే, ల్యాబ్ నుంచి వార్డుకు ఫోన్ వెళ్లాలి, రిపోర్టు ఫైల్లో చేరేదాకా ఆగకూడదు. మూడు, క్యూటీ మీద పనిచేసే రెండో మందు రాసినప్పుడు ఫార్మసిస్టు ఆపి అడిగే హక్కును లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆ హక్కు కాగితం మీద లేనందువల్ల రాత్రిపూట జూనియర్ ఫార్మసిస్టులు సంకోచిస్తారు, నేనూ ఒకప్పుడు సంకోచించాను.

ఈ మందులు వాడుతూ ఈ లేఖ చదువుతున్నవారికి ఒక మనవి: ఇది చదివి మాత్రలు మానేయకండి. మీరు వేసుకునే మందులన్నీ, వాంతుల మాత్ర దాకా, ఒక కాగితం మీద రాసుకుని మీ డాక్టరుకు చూపించి, “నాకు ఈసీజీ అవసరమా?” అని అడగండి. అవసరం లేదంటే ఎందుకు లేదో కూడా అడగండి.

పిన్ని ఇప్పుడు సెర్ట్రలీన్ మీద ఉంది, బీపీ మాత్ర మార్చారు. పోయిన నెల ఈసీజీలో నాడి 68, క్యూటీ 412, ఫ్రిడెరీషియాతో 430, చేత్తో కొలిచి డాక్టరుగారు సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతోంది, ఎక్కడికెళ్లినా ముందు అదే తీసి చూపిస్తుంది.

ఆ ఆసుపత్రి కమిటీ నుంచి నా రెండు ఉత్తరాలకూ లిఖితపూర్వకమైన జవాబు కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు